ఉత్పత్తి అవకాశాల రేఖ: శెనక్కాయ, పత్తి లెక్కతో తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో ఇంటర్, డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతున్నాను. ఉత్పత్తి అవకాశాల రేఖ పాఠం వచ్చిన ప్రతి ఏడాదీ అవే సందేహాలు తిరిగి వస్తాయి. గ్రూప్స్‌కు చదివేవాళ్ళూ ఫోన్ చేసి అవే అడుగుతారు. బొమ్మ గీయడం అందరికీ వస్తుంది. చిక్కు వచ్చేది గీత లోపలి బిందువు దగ్గర. మన జిల్లాలో విత్తనం ఆలస్యమైనా, వాన రాకపోయినా, నేలకు సరిపడని పైరు పెట్టినా అన్నిటినీ "కరువు" అనే ఒక్క మాటలో చుట్టేస్తాం. ఈ గీత వాటిని విడదీసి చూపిస్తుంది. అందుకే ఆ భాగానికి ఎక్కువ చోటిచ్చాను.

లెక్కల్లోని ఊరు, దిగుబడులు నేను ఊహించుకున్నవి. వేరుశనగను మనం పిలిచినట్టే శెనక్కాయ అంటాను. కర్నూలు వాళ్ళు బుడ్డలు అని చదువుకోండి.

## మొదటిసారి చూస్తున్నప్పుడు

ఈ గీత ధరలను చూపిస్తుందా, ఉత్పత్తినా?

ఉత్పత్తిని మాత్రమే. అడ్డ అక్షం మీద పత్తి క్వింటాళ్ళు, నిలువు అక్షం మీద శెనక్కాయ క్వింటాళ్ళు పెట్టుకుంటాం. ఒక ఊరికి ఈ ఏడు ఉన్న నేల, తడి, మనుషులు, విత్తనం, తెలిసిన సేద్యపు పద్ధతి, వీటన్నిటినీ పూర్తిగా, సరిగ్గా వాడితే ఎంత పత్తికి అత్యధికంగా ఎంత శెనక్కాయ పండించగలరో ఆ గీత చెబుతుంది. అక్షాల మీద రూపాయలు రాసిన పేపర్లు ప్రతి ఏడాదీ నా దగ్గరికి వస్తాయి. అక్కడ రూపాయి రాసిన క్షణం అది వేరే బొమ్మ అయిపోతుంది.

ఊళ్ళో పది పంటలుంటే రెండే ఎందుకు?

కాగితానికి రెండు దిక్కులే కాబట్టి. మూడు సరుకులైతే గీతకు బదులు ఉపరితలం వస్తుంది. అంతకు మించితే బొమ్మ గీయలేం, సమీకరణాలు రాయాలి. తర్కం మాత్రం మారదు.

కొరత అంటే కరువే కదా?

కాదు. కొరత వానలు బాగా పడ్డ ఏడు కూడా ఉంటుంది. ఎంత మంచి ఏడైనా ఒక ఎకరంలో పత్తి వేస్తే అదే కారులో, అదే ఎకరంలో శెనక్కాయ వేయలేం. గీత కిందికి వాలి ఉండడమే కొరతకు బొమ్మ. కరువు అంటే చేతిలో ఉన్న వనరే తగ్గిపోవడం. అప్పుడు గీత మొత్తంగా మూలం వైపుకు, అంటే రెండు అక్షాలు కలిసే చోటు వైపుకు, జరుగుతుంది.

## గీత గీస్తున్నప్పుడు

పట్టికలో అంకెలు ఇస్తారు సరే, అవి ఎక్కడ నుంచి వస్తాయి?

నేల నుంచే వస్తాయి. 400 ఎకరాల ఊరు అనుకోండి. నాలుగు రకాల నేల, రకానికి 100 ఎకరాలు. ఎకరాకు వచ్చే దిగుబడి క్వింటాళ్ళలో ఇది:

| నేల | శెనక్కాయ | పత్తి |
|---|---|---|
| ఎర్ర ఇసుక నేల | 6 | 2 |
| ఎర్ర నేల | 5 | 3 |
| కలగలుపు నేల | 4 | 4 |
| నల్లరేగడి | 2 | 5 |

శెనక్కాయకు వదులు నేల కావాలి. ఊడలు మట్టిలోకి సులువుగా దిగాలి, పీకేటప్పుడు కాయ చెట్టుతో పాటే రావాలి. రేగడి ఎండితే బిగుసుకుపోతుంది, కాయలు భూమిలోనే ఉండిపోతాయి. పత్తికి లోతైన, తడి నిలిపే నేల కావాలి కాబట్టి రేగడి నచ్చుతుంది.

ఊరంతా శెనక్కాయే వేస్తే 1,700 క్వింటాళ్ళు, పత్తి సున్నా. ఇప్పుడు పత్తి కావాలనుకుంటే మొదట ఏ నేలను మార్చాలి? రేగడిని. 200 క్వింటాళ్ళ శెనక్కాయ పోయి 500 క్వింటాళ్ళ పత్తి వస్తుంది, అంటే శెనక్కాయ 1,500, పత్తి 500. తర్వాత కలగలుపు నేలను మారిస్తే 1,100, 900. తర్వాత ఎర్ర నేలను మారిస్తే 600, 1,200. చివరికి ఇసుక నేలను కూడా మారిస్తే శెనక్కాయ సున్నా, పత్తి 1,400. ఈ ఐదు బిందువులను వరసగా కలిపితే గీత తయారు. నేల రకాలు నాలుగే కాబట్టి నాలుగు ముక్కల గీత వస్తుంది. నిజం ఊళ్ళో చేనుకొక గుణం ఉంటుంది కాబట్టి ఆ విరుపులు కలిసిపోయి నున్నటి వంపు అవుతుంది.

గీత బయటికి ఎందుకు ఉబ్బుతుంది? సరళరేఖ గీస్తే మార్కులు పోతాయా?

పత్తి కోసం ముందు రేగడిని ఇచ్చినప్పుడు ఒక క్వింటాలు పత్తికి 0.4 క్వింటాలు శెనక్కాయే పోతుంది. ఆఖరుకు ఇసుక నేలను ఇవ్వాల్సి వచ్చినప్పుడు అదే ఒక క్వింటాలు పత్తికి 3 క్వింటాళ్ళ శెనక్కాయ పోతుంది. మధ్యలో 1, ఆపైన దాదాపు 1.67. ఇలా అవకాశ వ్యయం పెరుగుతూ పోవడం వల్ల గీత కుడివైపు పోయేకొద్దీ నిటారుగా దిగుతుంది. ఉబ్బు అంటే అదే.

ఊరి నేలంతా ఒకే రకమైతే ప్రతి క్వింటాలుకూ ఒకే ధర చెల్లిస్తాం, సరళరేఖ వస్తుంది. అది తప్పు కాదు. "వనరులు రెండు సరుకులకూ సమానంగా పనికొస్తాయి" అని ప్రశ్నలో ఉంటే సరళరేఖే గీయాలి. ఏమీ చెప్పకపోతే ఉబ్బిన గీత గీసి, కారణం ఒక వాక్యం రాయండి.

అవకాశ వ్యయం లెక్కలో పైన ఏది, కింద ఏది?

పోయినది పైన, వచ్చినది కింద. రేగడిని పత్తికి ఇస్తే పోయిన శెనక్కాయ 200, వచ్చిన పత్తి 500. 200ను 500తో భాగిస్తే 0.4. ఒక క్వింటాలు పత్తి ఖరీదు 0.4 క్వింటాలు శెనక్కాయ అని మాటల్లో కూడా రాయండి. తలకిందులుగా వేస్తే ఆ వాక్యమే పట్టిస్తుంది.

## లోపలి బిందువు దగ్గర ఆగిపోయినప్పుడు

గీత లోపల ఉందంటే ఏదో ఖాళీగా ఉన్నట్టే కదా?

చాలాసార్లు అవును, అన్నిసార్లూ కాదు. ముందు ఖాళీ సంగతే చూద్దాం. నల్లరేగడిలో పత్తి, మిగతా 300 ఎకరాల్లో శెనక్కాయ వేయగల ఊరికి 1,500 క్వింటాళ్ళ శెనక్కాయ, 500 క్వింటాళ్ళ పత్తి రావాలి. జులైలో మంచి పదును వాన పడింది. విత్తనం మాత్రం పదును ఆరిపోయాక ఊరు చేరింది. ఎర్ర ఇసుక నేల ముందుగా ఆరుతుంది కాబట్టి ఆ 100 ఎకరాలు బీడు పడ్డాయి, ఎకరాకు 6 చొప్పున 600 క్వింటాళ్ళు పోయాయి. ఊరికి దక్కింది 900 శెనక్కాయ, 500 పత్తి.

ఈ బిందువును బొమ్మలో పెట్టండి. నిటారుగా పైకి 600 పోతే గీత తగులుతుంది. అంటే ఒక్క దూది పింజ కూడా వదులుకోకుండా 600 క్వింటాళ్ళు ఎక్కువ పండించి ఉండొచ్చు. లోపలి బిందువు ప్రత్యేకత ఇదే: అక్కడ నుంచి ఒక సరుకును పెంచడానికి రెండోదాన్ని తగ్గించనక్కర్లేదు. గీత మీదికి చేరాకే బేరం మొదలవుతుంది.

ఒక్క ఎకరం కూడా బీడు లేదు, అందరికీ పని ఉంది. అయినా లోపలే అంటారేంటి?

ఈ ప్రశ్న అడిగిన పిల్లలను నేను ఎప్పుడూ మెచ్చుకుంటాను, ఎందుకంటే పాఠం అసలు లోతు ఇక్కడ ఉంది. 100 ఎకరాల చొప్పున నాలుగు నేలలున్న ఊరే తీసుకోండి. ఇసుక నేలలో ఎకరాకు 2, ఎర్ర నేలలో 3 క్వింటాళ్ళ పత్తి వస్తుంది. కలగలుపు నేలలో 4, రేగడిలో 2 క్వింటాళ్ళ శెనక్కాయ వస్తుంది. ఇలా తారుమారుగా వేస్తే ఊరికి 500 క్వింటాళ్ళ పత్తి, 600 క్వింటాళ్ళ శెనక్కాయ దక్కుతాయి. సాలు ఖాళీ లేదు, మనిషి ఖాళీ లేడు. అయితే ఒక్క రేగడిలోనే పత్తి వేసి ఉంటే అదే 500 క్వింటాళ్ళ పత్తి వచ్చేది. మిగతా మూడు నేలల్లో 6, 5, 4 చొప్పున 1,500 క్వింటాళ్ళ శెనక్కాయ వచ్చేది. తేడా 900 క్వింటాళ్ళు. ఇందాక అనుకున్న బీడు కన్నా ఇది పెద్ద నష్టం, పైగా కంటికి కనబడదు. బీడు నేల దారిన పోయేవాడికి కూడా కనబడుతుంది. తప్పు నేలలో పచ్చగా ఉన్న పైరు చూసి ఎవరూ నష్టం అనుకోరు.

ఇలా ఎందుకు జరుగుతుంది? రైతుకు తన నేల తెలియక కాదు. పెట్టుబడి అప్పు ఇచ్చినవాడు పత్తి అయితేనే ఇస్తానంటాడు. ఎర్ర నేలలో ఐదెకరాలే ఉన్న మనిషి, పోయిన ఏడు పత్తి ధర చూసి, తన ఐదెకరాల్లోనే పత్తి పెడతాడు. రేగడి ఉన్నాయనకు ఇంట్లో గింజలకు, గొడ్ల మేతకు శెనక్కాయ కావాలి. ఎవరికి వారి లెక్క సరైనదే, ఊరి లెక్క గీత లోపల పడుతుంది.

పరీక్షలో "నిరుద్యోగ వనరులు" అని మాత్రమే రాసి ఆపకండి. "లేదా వనరుల తప్పు కేటాయింపు" అని కూడా రాయండి.

వాన రాలేదు. ఊరు గీత లోపలికి వచ్చిందనాలా, గీతే జరిగిందనాలా?

గీతే జరిగింది. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడుతుంది, అదీ సరైన సమయంలో పడితేనే పంట. వానాధార సేద్యంలో వాన కూడా నేల లాంటి వనరే. దిగుబడులన్నీ సగమైతే శెనక్కాయ కొస 1,700 నుంచి 850కి, పత్తి కొస 1,400 నుంచి 700కి దిగుతాయి. ఆ ఏడు ఊరు 750 శెనక్కాయ, 250 పత్తి పండించిందంటే అది కొత్త గీత మీదే ఉంది, ఉన్నదాంట్లో చేయగలిగినంతా చేసింది. పాత గీత పక్కన పెట్టి చూస్తే లోపల ఉన్నట్టు కనబడుతుంది. అలా చదివితే రైతు సరిగ్గా సేద్యం చేయలేదన్న తప్పుడు తీర్పు వస్తుంది, అది నాకు బాధ కలిగించే తీర్పు.

తేడా పట్టుకోవడానికి నేను పిల్లలను ఒకటే అడగమంటాను: ఆ ఏడు నిజంగా చేతిలో ఉన్నవాటితోనే ఇంకా ఎక్కువ పండించగలిగేవారా? వాన పడింది, నేల పదునుగా ఉంది, విత్తనం రాలేదు. వస్తే పండేది. అయితే లోపలి బిందువు. వానే లేదు, విత్తనం గాదెలో ఉన్నా మొలిచేది కాదు. అయితే గీత జరిగింది. అనుమానం వస్తే ఆ వారం వాన లెక్క, విత్తనం చేరిన తేదీ పక్కపక్కన పెట్టి చూస్తే సరిపోతుంది.

చాలా ఏళ్ళలో రెండూ కలిసే వస్తాయి. వాన తగ్గి గీత కిందికి దిగుతుంది, పడిన ఒక్క వానకు అదును తప్పి ఊరు ఆ దిగిన గీతకు కూడా లోపలే ఉంటుంది. అప్పుడు రెండు గీతలు గీసి, బిందువును చిన్న గీత లోపల పెట్టండి.

కరువు పనికి పోయే కూలీ ఏ పంటను వదులుకున్నట్టు?

ఏ నెలలో పోయాడన్నదాన్ని బట్టి ఉంటుంది. జాతీయ ఉపాధి హామీ పథకం మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే, 2006 ఫిబ్రవరి 2న. గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని అన్నది మొదలైనప్పుడు దాని మాట. మన పల్లెల్లో పెద్దవాళ్ళు దాన్ని కరువు పని అంటారు.

ఏప్రిల్ నెల అనుకోండి. మెట్ట చేలలో పైరు లేదు, కూలి లేదు. మనుషులు పంట కుంట తవ్వితే ఏ పంటా తగ్గదు. ఇప్పుడు బొమ్మలో అక్షాలు మార్చండి: ఒకవైపు పంటలు, రెండోవైపు కుంటలు. అంతవరకూ ఊరు ఈ గీత లోపల ఉంది, చేతులు ఖాళీగా ఉన్నాయి కాబట్టి. కుంటల వైపు జరిగినా పంట ఒక్క గింజ తగ్గలేదు. కుంటకు అవకాశ వ్యయం దాదాపు సున్నా.

అదే కుంట జులైలో విత్తే వారంలో గానీ, శెనక్కాయ పీకే రోజుల్లో గానీ తవ్వితే? అప్పుడు ప్రతి చేతికీ చేనులో పని ఉంది. ఊరు గీత మీద ఉంది. కుంట దగ్గరికి పోయిన ప్రతి మనిషికీ చేనులో కొంత కాయ భూమిలోనే ఉండిపోతుంది. "కూలీలు దొరకడం లేదు" అని రైతులు అనేదీ, "పని లేదు" అని కూలీలు అనేదీ రెండూ నిజమే, నెలలు వేరు. పథకం మంచిదా చెడ్డదా అని వాదించేవాళ్ళు క్యాలెండర్ చూడకుండా వాదిస్తుంటారు.

ఇంకొక చిక్కు ఉంది. వాన లేని ఏడు శెనక్కాయ-పత్తి బొమ్మలో ఊరు గీత మీదే ఉండొచ్చు, తడి లేకుండా చేతులు మాత్రమే ఉండి పంట పండదు కాబట్టి. పంటలు-కుంటలు బొమ్మలో అదే ఊరు, అదే రోజు, గీత లోపల ఉంటుంది. వనరు ఖాళీగా ఉందా లేదా అన్నది ఏ రెండు సరుకులను అక్షాల మీద పెట్టామన్నదాన్ని బట్టి మారుతుంది. చాలా నోట్సుల్లో ఈ మాట ఉండదు.

మిరప కోతకు గుంటూరు వైపు వలస పోయినవాళ్ళు ఖాళీ వనరులా?

ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు పోతాయి. ఊరి బొమ్మ గీస్తే వాళ్ళు ఊరి వనరుల్లో లేరు, కాబట్టి ఊరి గీతే చిన్నదవుతుంది. రాష్ట్రం బొమ్మ గీస్తే వాళ్ళు ఖాళీగా లేరు, వేరే సరుకు పండిస్తున్నారు. బొమ్మ కింద ఎవరి ఆర్థిక వ్యవస్థో పేరు రాయండి, సందేహం అక్కడే తీరిపోతుంది.

## గీత జరుగుతున్నప్పుడు

శెనక్కాయలో మంచి విత్తనం వస్తే పత్తి కూడా ఎలా పెరుగుతుంది?

కదిరి పరిశోధన కేంద్రం నుంచి కదిరి-6, కదిరి లేపాక్షి లాంటి శెనక్కాయ రకాలు వచ్చాయి. ఏదో ఒక కొత్త రకం వల్ల శెనక్కాయ దిగుబడి అన్ని నేలల్లోనూ 20 శాతం పెరిగిందని ఊహించండి. పత్తికి ఏ మార్పూ లేదు. శెనక్కాయ కొస 1,700 నుంచి 2,040కి లేస్తుంది. పత్తి కొస 1,400 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే ఊరంతా పత్తే వేస్తే కొత్త శెనక్కాయ విత్తనంతో పనే లేదు. గీత ఒక కొస మీద నిలబడి తిరుగుతుంది.

ఇప్పుడు ఊరికి మునుపటిలా 1,500 క్వింటాళ్ళ శెనక్కాయే చాలనుకోండి. ఇసుక నేల 100 ఎకరాలు ఎకరాకు 7.2 చొప్పున 720 ఇస్తాయి. ఎర్ర నేల 100 ఎకరాలు 6 చొప్పున 600. మొత్తం 1,320. ఇంకా కావలసిన 180 క్వింటాళ్ళకు కలగలుపు నేలలో 4.8 చొప్పున 37.5 ఎకరాలు చాలు. మిగిలిన 62.5 ఎకరాల్లో పత్తి వేస్తే 4 చొప్పున 250, రేగడి నుంచి 500, కలిపి 750. మునుపు 1,500 శెనక్కాయతో పాటు వచ్చిన పత్తి 500 మాత్రమే. విత్తనం శెనక్కాయది, పెరిగింది పత్తి. ఒక పంటలో మెరుగుదల నేలను విడిపిస్తుంది, విడిపించిన నేల రెండో పంటకు పోతుంది.

రుణం దొరికితే గీత బయటికి పోతుందా?

డబ్బు ఒక్కటే వస్తే పోదు. నేల, నీరు, మనుషులు, పద్ధతి పెరిగితేనే గీత జరుగుతుంది. విత్తనం కొనలేక చేను బీడు పెట్టిన రైతుకు రుణం అందితే ఊరు లోపలి బిందువు నుంచి గీత వైపు వస్తుంది. అదే రుణంతో డ్రిప్ పైపులు వేసి బోరు నీటిని ఎక్కువ ఎకరాలకు సరిపెడితే, తర్వాతి ఏడు గీతే బయటికి జరుగుతుంది. కొత్త బోరు వేస్తే మాత్రం వెంటనే లెక్క కట్టకండి. పక్క చేను బోరులో నీళ్ళు తగ్గితే ఊరి గీత కదలనట్టే.

## బిందువు ఎంచుకునేటప్పుడు

గీత మీద ఏ బిందువు మంచిది?

గీత ఒక్కటే ఆ మాట చెప్పలేదు. ధరలు కావాలి. 2024-25కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర శెనక్కాయకు క్వింటాలు 6,783 రూపాయలు, మధ్యరకం పింజ పత్తికి 7,121. అంటే ఒక క్వింటాలు పత్తి సుమారు 1.05 క్వింటాళ్ళ శెనక్కాయకు సమానం. ఒక క్వింటాలు పత్తి కోసం రేగడిలో 0.4, కలగలుపు నేలలో 1, ఎర్ర నేలలో 1.67, ఇసుక నేలలో 3 క్వింటాళ్ళ శెనక్కాయ వదులుకోవాల్సిన ఊరైతే మొదటి రెండు నేలల్లో పత్తి లాభం, తర్వాతి రెండింటిలో నష్టం. ఊరికి ఎక్కువ విలువ వచ్చేది 1,100 శెనక్కాయ, 900 పత్తి దగ్గర.

కలగలుపు నేలలో తేడా చాలా సన్నం, 1కి 1.05. పత్తి ధర కొంచెం పడితే ఆ 100 ఎకరాలు శెనక్కాయకు తిరిగిపోతాయి. రేగడి, ఇసుక నేలలు చిన్న ధర మార్పులకు కదలవు. ఏటా పంట మార్చే రైతులు ఎక్కువగా ఏ నేలలో ఉంటారో ఊహించగలరు. ఈ లెక్క రెండు పంటలకూ ఎకరా ఖర్చు ఒకటే అనుకుని వేసింది. పత్తికి మందుల ఖర్చు ఎక్కువైతే ఆ సన్నటి తేడా కూడా మిగలదు.

ఇంత లెక్క చెప్పాక కూడా మా నాయన రేగడిలో కొంత శెనక్కాయ వేస్తాడు. గీత తప్పా, మా నాయన తప్పా?

మీ నాయన అక్షాల మీద లేని సరుకును కూడా పండిస్తున్నాడు. శెనక్కాయ పీకాక మిగిలే కట్టె ఎండాకాలమంతా గొడ్లకు మేత. పత్తి కట్టె పొయ్యిలోకి తప్ప పనికిరాదు. ఇంట్లో నాలుగు గొడ్లుంటే ఆ మేత కొనాలి. కొనే ధరను శెనక్కాయ పక్కన కలిపితే రేగడిలో కూడా కొన్ని ఎకరాలకు లెక్క మారొచ్చు. రెండు సరుకుల బొమ్మలో ఆయన లోపల ఉన్నట్టు కనబడతాడు. మేతను మూడో సరుకుగా పెట్టి చూస్తే ఆయన ఉపరితలం మీదే ఉండొచ్చు. ఒక పంట పోయినా రెండోది నిలబడుతుందన్న భరోసా కూడా ఈ బొమ్మలో ఎక్కడా లేదు, ఇది ఒకే ఏడాది బొమ్మ కాబట్టి. అలా వేసిన ఎకరాలు ఎన్ని, ఆ ఏడు మేత ఎంతకు కొన్నారు అని ఇంటికి పోయి ఆయన్నే అడిగి, అంకెలు వేసి చూడండి.